గుడ్‌విల్ మిగిలే లెక్క

రాజమహేంద్రవరంలో హార్లిక్స్ తయారయ్యే ఫ్యాక్టరీ 2020 ఏప్రిల్ 1న యజమాని మారింది. అంతవరకు దాన్ని నడిపిన గ్లాక్సోస్మిత్‌క్లైన్ కన్జ్యూమర్ హెల్త్‌కేర్ కంపెనీ ఆ రోజున హిందుస్థాన్ యూనిలీవర్‌లో కలిసిపోయింది. విలీనానికి నగదు చేతులు మారలేదు. గ్లాక్సో షేరు ఒకటి ఉన్నవాళ్లకు యూనిలీవర్ షేర్లు 4.39 చొప్పున ఇచ్చారు. మొత్తం సుమారు 18.46 కోట్ల షేర్లు. 2018 డిసెంబరులో ఈ ఒప్పందాన్ని ప్రకటించినప్పుడు దాని విలువ దాదాపు 31,700 కోట్ల రూపాయలని చెప్పారు. విలీనం అమలులోకి వచ్చిన రోజు లెక్క చూస్తే అది 40 వేల కోట్లు దాటింది. షేర్ల సంఖ్య పెరగలేదు, ఫ్యాక్టరీలు పెరగలేదు. మధ్యలో యూనిలీవర్ షేరు ధర పెరిగింది, అంతే. ఇండ్ ఏఎస్ 103 అనే ప్రమాణం ప్రకారం, ఇచ్చిన షేర్లకు విలీనం జరిగిన రోజు ధరనే కట్టాలి.

ఆ 40 వేల కోట్లలో సుమారు 17 వేల కోట్లు యూనిలీవర్ పుస్తకాల్లో గుడ్‌విల్‌గా కూర్చున్నాయి. హార్లిక్స్, బూస్ట్ లాంటి బ్రాండ్ల విలువను విడిగా కట్టిన తర్వాత కూడా అంత మిగిలింది. ఈ 'మిగిలింది' అన్న మాటే గుడ్‌విల్‌కు ప్రాణం. గుడ్‌విల్ అంటే వ్యాపారానికున్న మంచిపేరు అని చదువుకున్నాం కాబట్టి, ఎవరో నిపుణుడు వచ్చి ఆ మంచిపేరుకు ధర కడతాడని చాలామంది అనుకుంటారు. విలీనాల్లో అలా జరగదు. ఇచ్చినదాన్ని ఒకచోట లెక్కిస్తారు. వచ్చినదాన్ని మరోచోట లెక్కిస్తారు. ఇచ్చింది ఎక్కువైతే తేడా గుడ్‌విల్, వచ్చింది ఎక్కువైతే తేడా క్యాపిటల్ రిజర్వు. రెండు లెక్కల్లో దేన్ని కదిపినా గుడ్‌విల్ కదులుతుంది. అందుకే గుడ్‌విల్ అంకె కనిపించినప్పుడు దానికన్నా ముందు ఆ రెండు లెక్కలు ఎలా వేశారో చూడాలి.

వేల కోట్ల విలీనంలో ఈ కదలిక కంటికి ఆనదు. లక్షల్లో జరిగే చిన్న విలీనాన్ని ఊహించుకుని, కొనే కంపెనీ పుస్తకాల్లో కూర్చుని చూద్దాం. గుంటూరు వైపు ఒక జిన్నింగ్ మిల్లు ఉంది. రైతుల పత్తిలోంచి గింజ తీసి దూదిని అమ్ముతుంది. దాని దగ్గర దూది కొనే స్పిన్నింగ్ మిల్లు ఆ జిన్నింగ్ మిల్లును తనలో కలుపుకోవాలనుకుంది. రెండూ ప్రైవేటు లిమిటెడ్ కంపెనీలే, పెద్దవి కావు. కాబట్టి వీటికి ఇండ్ ఏఎస్ వర్తించదు. చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ 1994లో తెచ్చిన ఏఎస్ 14 వర్తిస్తుంది.

ఏఎస్ 14 ముందుగా ఒక ప్రశ్న వేస్తుంది. ఇది రెండు కుటుంబాలు ఒకటై ఉమ్మడిగా కాపురం పెట్టడమా, లేక ఒకరు మరొకరి ఆస్తిని కొనుక్కోవడమా? మొదటిది కావాలంటే అయిదు షరతులు నెరవేరాలి. ఆస్తి అప్పులన్నీ కొత్త యజమానికి రావాలి. పాత కంపెనీలో ముఖవిలువ లెక్కన తొంభై శాతానికి తగ్గకుండా ఈక్విటీ వాటాలున్నవాళ్లు కొత్త కంపెనీలో వాటాదారులు కావాలి. చిల్లర వాటాలకు తప్ప వాళ్లకిచ్చేదంతా ఈక్విటీ షేర్లుగానే ఉండాలి. పాత వ్యాపారాన్ని కొనసాగించే ఉద్దేశం ఉండాలి. పద్ధతులు ఒకేలా చేయడానికి తప్ప పుస్తక విలువల్లో మార్పు చేయకూడదు. ఈ అయిదింటిలో ఒక్కటి తప్పినా అది కొనుగోలే, కొనుగోలు పద్ధతిలోనే లెక్క రాయాలి. మన స్పిన్నింగ్ మిల్లు షేర్లతో పాటు కొంత నగదూ ఇస్తోంది, ఆస్తుల విలువలూ మారుస్తోంది. అక్కడితో తేలిపోయింది.

విలీనం నాటికి జిన్నింగ్ మిల్లు బ్యాలెన్స్ షీటు ఇలా ఉందనుకుందాం. ఒక్కోటి పది రూపాయల షేర్లు 6 లక్షలు, అంటే వాటా మూలధనం 60 లక్షలు. సాధారణ రిజర్వు 20 లక్షలు. కొన్నేళ్లు కదపకుండా ఉంచాలని పన్ను చట్టం చెప్పిన నిధి 4 లక్షలు. బ్యాంకు అప్పు 30 లక్షలు, ఇవ్వవలసిన బాకీలు 16 లక్షలు. మొత్తం 130 లక్షలు. రెండోవైపు స్థలం, భవనాలు 40 లక్షలు, యంత్రాలు 36, సరుకు 28, రావలసిన బాకీలు 22, బ్యాంకులో నగదు 4. అదీ 130 లక్షలే. అప్పులు 46 లక్షలు పోగా పుస్తకాల ప్రకారం నికర ఆస్తి 84 లక్షలు.

కొనేవాళ్లు పుస్తకాన్ని నమ్మి డబ్బు పెట్టరు. వాల్యూయర్ వచ్చి మిల్లు తిరిగి చూశాడు. ఎప్పుడో కొన్న స్థలం ఇప్పుడు రోడ్డు పక్కన పడింది, భవనాలతో కలిపి 62 లక్షలు. జిన్నింగ్ యంత్రాలు పాతబడ్డాయి, 30 లక్షలకు మించి రావు. గోదాములో కొంత దూది తడిసి రంగు మారింది, సరుకు 26 లక్షలు. బాకీల్లో ఒక లక్ష వచ్చే ఆశ లేదు, 21 లక్షలు. నగదు మారేది కాదు. అన్నీ కలిపితే 143 లక్షలు.

ఆ తర్వాత అప్పుల వైపు చూశారు. చిన్న మిల్లులను కొనేటప్పుడు అసలు జాగ్రత్త పడాల్సింది ఇక్కడే. ఏళ్ల తరబడి పనిచేస్తున్న కార్మికులకు ఇవ్వాల్సిన గ్రాట్యుటీకి జిన్నింగ్ మిల్లు ఒక్క రూపాయి కూడా కేటాయించలేదు. లెక్క వేస్తే 3 లక్షలు తేలింది. పుస్తకంలో లేకపోయినా అది అప్పే, విలీనం తర్వాత స్పిన్నింగ్ మిల్లు కట్టాల్సిందే. దాంతో అప్పులు 49 లక్షలయ్యాయి. 143 లోంచి 49 తీసేస్తే వచ్చిన నికర ఆస్తి 94 లక్షలు.

ఇక ఇచ్చేది. జిన్నింగ్ మిల్లు షేర్లు మూడుంటే స్పిన్నింగ్ మిల్లు షేర్లు రెండు ఇస్తారు. ఆ పైన ప్రతి జిన్నింగ్ షేరుకు రూపాయి నగదు. అంటే 6 లక్షల షేర్లకు బదులు 4 లక్షల కొత్త షేర్లు, 6 లక్షల రూపాయల నగదు. స్పిన్నింగ్ షేరు ముఖవిలువ పది రూపాయలే అయినా వాల్యూయర్ దానికి 25 రూపాయల ధర కట్టాడు. నాలుగు లక్షల షేర్లకు 100 లక్షలు, నగదు 6 లక్షలు, మొత్తం 106 లక్షలు. దీన్నే కొనుగోలు ప్రతిఫలం అంటారు. ఏఎస్ 14 లెక్కలో పాత కంపెనీ వాటాదారులకు ఇచ్చేది మాత్రమే ప్రతిఫలం. బ్యాంకుకు కట్టేది, సరుకు ఇచ్చినవాళ్లకు కట్టేది, డిబెంచరుదారులుంటే వాళ్లకు ఇచ్చేది ఇందులోకి రావు. అవన్నీ అప్పులుగా అటువైపు ఇప్పటికే లెక్కలోకి వచ్చాయి. పరీక్ష రాసే విద్యార్థులే కాదు, పథకం తయారుచేసే గుమాస్తాలు కూడా తరచుగా పొరపడేది ఇక్కడే. ఒకే అప్పును రెండుచోట్లా పట్టుకుంటే గుడ్‌విల్ సరిగ్గా ఆ మేరకు ఉబ్బుతుంది.

ఇచ్చింది 106, వచ్చింది 94. గుడ్‌విల్ 12 లక్షలు.

ఇప్పుడు స్పిన్నింగ్ మిల్లు చిట్టాలో పద్దులు రాద్దాం. అంకెలన్నీ లక్షల్లో. మొదట, వ్యాపారాన్ని కొన్నాం, ఇంత ఇవ్వాలి అని ఒప్పుకునే పద్దు:

వ్యాపార కొనుగోలు ఖాతా డెబిట్ 106
జిన్నింగ్ మిల్లు లిక్విడేటరు ఖాతాకు 106

లిక్విడేటరు ఎవరన్న సందేహం వస్తుంది. జాతీయ కంపెనీ లా ట్రిబ్యునల్ ఆమోదంతో జరిగే విలీనంలో పాత కంపెనీ సాధారణంగా లిక్విడేషన్ లేకుండానే రద్దవుతుంది. అయినా పుస్తకాల్లో ఆ పేరే నిలిచిపోయింది. పాత వాటాదారులందరి తరఫునా నిలబడే ఒక ఖాతా అది.

రెండో పద్దు అన్నిటికన్నా పెద్దది. వచ్చిన ప్రతి ఆస్తినీ, నెత్తినెత్తుకున్న ప్రతి అప్పునూ కొత్త విలువల్లో రాసేది ఇదే:

స్థలం, భవనాల ఖాతా డెబిట్ 62
యంత్రాల ఖాతా డెబిట్ 30
సరుకు ఖాతా డెబిట్ 26
రావలసిన బాకీల ఖాతా డెబిట్ 21
బ్యాంకు ఖాతా డెబిట్ 4
గుడ్‌విల్ ఖాతా డెబిట్ 12
బ్యాంకు అప్పు ఖాతాకు 30
ఇవ్వవలసిన బాకీల ఖాతాకు 16
గ్రాట్యుటీ కేటాయింపు ఖాతాకు 3
వ్యాపార కొనుగోలు ఖాతాకు 106

రెండు వైపులా 155. గుడ్‌విల్ లేకపోతే డెబిట్ వైపు 143 దగ్గరే ఆగిపోయేది. ఆ ఖాళీని పూడ్చడానికే గుడ్‌విల్ వచ్చింది. వ్యాపార కొనుగోలు ఖాతా మొదటి పద్దులో పుట్టి ఇక్కడ మాసిపోయింది. జిన్నింగ్ మిల్లు వాటా మూలధనం 60 లక్షలు గానీ, సాధారణ రిజర్వు 20 లక్షలు గానీ ఈ పద్దులో ఎక్కడా కనబడవు. కొనుగోలు పద్ధతి అంటే అదే. పాత యజమానులు కూడబెట్టిన లాభం వాళ్లకిచ్చిన ధరలో చేరిపోయింది, కొన్నవాళ్ల రిజర్వు అవదు.

మూడో పద్దు ఇవ్వాల్సింది ఇచ్చేది:

లిక్విడేటరు ఖాతా డెబిట్ 106
ఈక్విటీ వాటా మూలధనం ఖాతాకు 40
సెక్యూరిటీస్ ప్రీమియం ఖాతాకు 60
బ్యాంకు ఖాతాకు 6

షేరు ముఖవిలువ పది రూపాయలు మూలధనంలోకి, మిగతా పదిహేను ప్రీమియంలోకి వెళ్లాయి. యూనిలీవర్ విలీనంలో ఇదే పద్దు ఎంత విడ్డూరంగా కనిపించి ఉంటుందో ఆలోచించండి. దాని షేరు ముఖవిలువ ఒక్క రూపాయి. 40 వేల కోట్ల విలీనంలో వాటా మూలధనం పెరిగింది 18 కోట్ల పైచిలుకు మాత్రమే.

పన్ను చట్టం కదపవద్దన్న 4 లక్షల నిధి సంగతి వేరు. రిజర్వులేవీ రావన్నాం గానీ, చట్టం కోసం దీన్ని ఇంకొన్నేళ్లు పుస్తకాల్లో చూపించక తప్పదు. దానికి ఎదురుగా పెట్టడానికి ఆస్తి ఏదీ లేదు కాబట్టి ఒక జంట ఖాతా తెరుస్తారు:

అమాల్గమేషన్ అడ్జస్ట్‌మెంట్ రిజర్వు ఖాతా డెబిట్ 4
చట్టబద్ధ రిజర్వు ఖాతాకు 4

రెండూ రిజర్వుల వరుసలోనే ఉంటాయి, ఒకటి కూడికగా, మరొకటి తీసివేతగా. గడువు తీరాక ఇదే పద్దును తిరగరాస్తే రెండూ పోతాయి. గుడ్‌విల్‌కూ దీనికీ సంబంధం లేదు.

ఇక రెండు మిల్లుల మధ్య పాత లావాదేవీలున్నాయి. జిన్నింగ్ మిల్లుకు రావలసిన బాకీల్లో 5 లక్షలు స్పిన్నింగ్ మిల్లు ఇవ్వాల్సినవే. ఇప్పుడు రెండూ ఒకటే కంపెనీ. తనకు తాను బాకీ ఉండటం కుదరదు. ఇవ్వవలసిన బాకీల ఖాతాకు డెబిట్, రావలసిన బాకీల ఖాతాకు క్రెడిట్ ఇచ్చి 5 లక్షలు కొట్టేస్తారు. ఇందులో లాభనష్టం లేదు, గుడ్‌విల్ కదలదు.

సరుకు విషయంలో అలా కాదు. స్పిన్నింగ్ మిల్లు గోదాములో జిన్నింగ్ మిల్లు దగ్గర 6 లక్షలకు కొన్న దూది ఇంకా ఉంది. జిన్నింగ్ మిల్లుకు దాని ఖర్చు 5 లక్షలే. ఆ లక్ష లాభం ఇంకా బయటివాళ్ల నుంచి రాలేదు, ఇప్పుడు ఒకే ఇల్లయిన కంపెనీలో ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వచ్చిన సరుకు మీద లెక్కగట్టిన లాభం అది. మన పాఠ్యపుస్తకాల పద్ధతి ప్రకారం గుడ్‌విల్ ఖాతాకు 1 లక్ష డెబిట్, సరుకు ఖాతాకు క్రెడిట్. గుడ్‌విల్ 13కు చేరింది. పాత కంపెనీని మూసే ఖర్చులు ఒక లక్ష స్పిన్నింగ్ మిల్లే భరిస్తానంటే అదీ అదే ఖాతాలోకి వెళుతుంది. గుడ్‌విల్ ఖాతాకు డెబిట్, బ్యాంకు ఖాతాకు క్రెడిట్. చివరికి గుడ్‌విల్ 14 లక్షలు.

ఇంతవరకూ వచ్చాం కాబట్టి ఒక్క అంకె మార్చి చూద్దాం. స్పిన్నింగ్ షేరుకు వాల్యూయర్ 25 బదులు 20 రూపాయలు కట్టాడనుకోండి. ఇచ్చే షేర్లు అవే 4 లక్షలు, నగదు అదే 6 లక్షలు, మిల్లూ అదే. ప్రతిఫలం మాత్రం 86 లక్షలవుతుంది. వచ్చింది 94. ఇప్పుడు గుడ్‌విల్ లేదు, 8 లక్షల క్యాపిటల్ రిజర్వు పుట్టింది. రెండో పద్దులో గుడ్‌విల్ డెబిట్ పోయి, క్రెడిట్ వైపు 'క్యాపిటల్ రిజర్వు ఖాతాకు 8' చేరుతుంది. ఆస్తులు 143, క్రెడిట్ వైపు 30, 16, 3, 86, 8 కలిస్తే 143. దూది మీద లాభం, మూసివేత ఖర్చు ఇప్పుడు క్యాపిటల్ రిజర్వులోంచే తీస్తారు, అది 6 లక్షలకు దిగుతుంది. మూడో పద్దులో ప్రీమియం 60 బదులు 40.

షేరు మీద అయిదు రూపాయల అభిప్రాయభేదం. ఒక లెక్కలో మంచిపేరు కోసం ఎక్కువ పెట్టి కొన్న మిల్లు, ఇంకో లెక్కలో చవగ్గా దొరికిన మిల్లు. స్టాక్ మార్కెట్‌లో ఉన్న కంపెనీకైతే ధర అందరికీ కనిపిస్తుంది. ఇలాంటి ప్రైవేటు మిల్లులకు వాల్యూయర్ నివేదికే ఆధారం. కాబట్టి నేను బ్యాలెన్స్ షీటులో గుడ్‌విల్ చూస్తే, ముందు షేరుకు కట్టిన ధర ఎక్కడి నుంచి వచ్చిందో వెతుకుతాను. రెండో వైపూ అంతే సున్నితం. ఏఎస్ 14 ఆస్తులను పాత పుస్తక విలువల్లోనే తెచ్చుకోవడానికి కూడా ఒప్పుకుంటుంది. అలా చేసి ఉంటే 25 రూపాయల ధర దగ్గర నికర ఆస్తి 84, గుడ్‌విల్ 22 అయ్యేది. రోడ్డు పక్కన స్థలం పెరిగిన విలువ కూడా గుడ్‌విల్ పేరుతో దాగి ఉండేది. స్థలానికి తరుగుదల ఉండదు, గుడ్‌విల్‌ను మాత్రం ఏటా కొట్టేయాలి. అంటే వచ్చే ఏళ్ల లాభాలు కూడా ఈ ఎంపికను బట్టే మారతాయి. సాధ్యమైన చోట నిజమైన విలువలు కట్టించడమే న్యాయమని నా నమ్మకం.

ఏఎస్ 14 కింద గుడ్‌విల్‌ను మామూలుగా అయిదేళ్లలో లాభనష్టాల ఖాతాకు రాసేయాలి, ఎక్కువ కాలం సమంజసమని చూపగలిగితే తప్ప. మన 14 లక్షలకు ఏటా 2 లక్షల 80 వేలు లాభం తగ్గుతుంది. ఇండ్ ఏఎస్ పాటించే పెద్ద కంపెనీలు అలా ఏటా కొట్టేయవు. ఆ వ్యాపారం ఇంకా అంత విలువ చేస్తుందా లేదా అని ఏటా పరీక్షించి, పడిపోతేనే తగ్గిస్తాయి. పన్నులో ఈ గుడ్‌విల్ మీద తరుగుదల ఒకప్పుడు దొరికేది. 2012లో స్మిఫ్స్ సెక్యూరిటీస్ కేసులో సుప్రీంకోర్టు ఒప్పుకుంది. 2021 ఆర్థిక చట్టం ఆ తలుపు మూసేసింది. క్యాపిటల్ రిజర్వుకు ఈ గొడవ లేదు గానీ, దాన్ని లాభనష్టాల ఖాతాలోకి మళ్లించి ఆ ఏడాది లాభంగా చూపించుకునే వీలు లేదు. అది వ్యాపారం చేసి సంపాదించిన లాభం కాదు కాబట్టి డివిడెండుగా పంచిపెట్టేదీ కాదు.

పద్దులన్నీ సరిగా పడ్డాయో లేదో తేల్చుకోవడానికి ఒక పరీక్ష ఉంది. అంకణా రెండు వైపులా కుదిరినంత మాత్రాన సరిపోదు, ఎందుకంటే గుడ్‌విల్ తేడా అంకె కాబట్టి వెనక ఉన్న తప్పులను అది తనలో కలిపేసుకుంటుంది. స్పిన్నింగ్ మిల్లు నికర విలువ విలీనానికి ముందూ తర్వాతా ఎంతో చూడాలి. పెరగాల్సింది కొత్తగా ఇచ్చిన షేర్ల విలువ మేరకే, అంటే 25 రూపాయల లెక్కలో సరిగ్గా 100 లక్షలు. మన లెక్కలో కొత్తగా చేరినవి స్థలం 62, యంత్రాలు 30, సరుకు నికరంగా 25, బాకీలు 16, గుడ్‌విల్ 14. నగదు 4 వచ్చి 7 పోయింది. మొత్తం 144. అప్పులు 49 పెరిగి 5 కొట్టేశాం కాబట్టి 44. తేడా 100. ఇది 120 అయితే జిన్నింగ్ మిల్లు సాధారణ రిజర్వు 20 లక్షలు ఎవరో తెచ్చి కలిపారన్నమాట. 99 వస్తే దూది మీద లాభాన్నో మూసివేత ఖర్చునో గుడ్‌విల్‌కు బదులు లాభనష్టాల ఖాతాలో రాశారని అర్థం. గ్రాట్యుటీ మరిచిపోతే మాత్రం ఈ పరీక్షా పట్టుకోలేదు. అప్పు 3 లక్షలు తగ్గితే గుడ్‌విల్ కూడా అంతే తగ్గి, తేడా మళ్లీ 100 దగ్గరే నిలుస్తుంది. ఆ తప్పు పట్టుకోవాలంటే మిల్లుకు వెళ్లి హాజరు పట్టీ తిరగేయాల్సిందే.